అపాచీనా, స్ప్లెండరా: 65 వేల బడ్జెట్‌లో రెండేళ్ల ఖర్చు లెక్క

"అన్నా, నాకు ఇదే మొదటి బండి. చేతిలో 65 వేలు ఉన్నాయి, లోన్ వద్దనుకుంటున్నా. చంద్రగిరి నుంచి రేణిగుంట దగ్గర కంపెనీకి రోజూ పోయి రావాలి, జీతం 17 వేలు. ఫ్రెండ్ వాళ్ల అన్న 2019 అపాచీ 160ని 50 వేలకి ఇస్తానంటున్నాడు. నాన్నేమో స్ప్లెండర్ తీసుకోమంటాడు. ఇన్సూరెన్స్, స్పేర్లు, సర్వీసింగ్ అన్నీ కలిపి చూస్తే ఏది తక్కువలో పోతుంది?"

తమ్ముడూ, మీ నాన్న చెప్పిందే కరెక్టు. కానీ నువ్వు అడిగిన మూడు ఖర్చుల్లోనే తేడా కొండంత ఉంటుందనుకోవద్దు. నేను తిరుపతిలో చాలాకాలం స్పేర్ పార్ట్స్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. లెక్క వేస్తే నీకే ఆశ్చర్యంగా ఉంటుంది. అందుకే ఊరికే ఏ బండి మంచిదో చెప్పి వదిలెయ్యకుండా లెక్క మొత్తం పెడతాను. రేపు నీకు ఇంకో బండి కనిపించినా ఇదే పద్ధతిలో నువ్వే వేసుకోవచ్చు.

ముందు నువ్వు ఎంత తిరుగుతావో చూద్దాం. చంద్రగిరి నుంచి తిరుపతి మీదుగా రేణిగుంటకి పోయి రావడం అంటే రోజుకి 50 కిలోమీటర్లు అనుకో. నెలకి పాతిక రోజుల డ్యూటీ, సంవత్సరానికి 15 వేల కిలోమీటర్లు. ఇది తక్కువేం కాదు. ఊళ్లో కాలేజీకి తిరిగే కుర్రాడు మూడేళ్లలో తిరిగేది నువ్వు ఒకటిన్నర ఏడాదిలో తిరిగేస్తావు. అందుకే నీకు బండి కొనే రేటు కంటే నడిపే ఖర్చు ముఖ్యం.

ఇన్సూరెన్స్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే. థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీని బట్టి మారదు, ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ లోపు బండికి సంవత్సరానికి 714 రూపాయలు. 150 దాటి 350 సీసీ వరకు 1,366. దీని మీద 18 శాతం జీఎస్టీ. స్ప్లెండర్ 97.2 సీసీ కాబట్టి 843 దగ్గర పడుతుంది. అపాచీ 160 అసలు కెపాసిటీ 159.7 సీసీ. అంటే పది సీసీ తేడాతో పై శ్లాబులోకి పోయింది, 1,612 కట్టాలి. పల్సర్ 150 మాత్రం 149.5 సీసీ, అది కింద శ్లాబులోనే ఆగుతుంది. అందుకే బండి పేరు మీద ఉన్న నంబర్ చూసి లెక్క వెయ్యకూడదు, ఆర్‌సీలో ఉండే క్యూబిక్ కెపాసిటీ చూడాలి. 155 సీసీ బండి కొన్నవాడు కూడా 350 సీసీ బుల్లెట్ వాడు కట్టేంత థర్డ్ పార్టీ కడతాడు.

అయినా ఈ తేడా ఏడాదికి 770 రూపాయలే. దీని కోసమే బండి మార్చుకోనక్కర్లేదు. ఇన్సూరెన్స్‌లో అసలు డబ్బు పోయేది వేరే చోట.

అమ్మేవాళ్లంతా "ఇన్సూరెన్స్ ఉంది బ్రో" అంటారు. ఏ ఇన్సూరెన్స్ అని అడుగు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండి కొంటే షోరూంలోనే ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకోవాలని రూల్ వచ్చింది. మన బండికి దెబ్బ తగిలితే, దొంగతనం అయితే డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం ఏడాది ఏడాదికీ రెన్యువల్ చేసుకోవాలి. చాలామంది మొదటి ఏడాది తర్వాత దాన్ని వదిలేస్తారు. పాలసీ కాగితం తీసి చూస్తే రెండు తేదీలు కనిపిస్తాయి. ఓన్ డ్యామేజ్ కాలం ఒకటి, లయబిలిటీ అంటే థర్డ్ పార్టీ కాలం ఇంకొకటి. రెండో తేదీ చూపించి ఇన్సూరెన్స్ బతికే ఉందని చెప్పేవాళ్లు ఎక్కువ. అది అబద్ధం కాదు, సగం నిజం.

నీ ఫ్రెండ్ వాళ్లన్న బండి 2019 మోడల్ కదా, ఆ ఐదేళ్లు 2024లోనే అయిపోయాయి. తర్వాత రెన్యువల్ చేశాడా లేదా అన్నది mParivahan యాప్‌లో బండి నంబర్ కొడితే కనిపిస్తుంది. చెయ్యకపోతే నువ్వు బండి తీసుకున్న రోజే కట్టుకోవాలి. లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, మళ్లీ పట్టుబడితే 4,000 ఫైన్. ఫైన్ చిన్న విషయం. ఇన్సూరెన్స్ లేకుండా ఎవరికైనా తగిలిస్తే ఆ నష్టపరిహారం నీ జీతంలోంచి, మీ నాన్న పొలంలోంచి పోతుంది.

ఇదే కారణంతో 2022 లేదా ఆ తర్వాతి స్ప్లెండర్ దొరికితే ఇంకో లాభం ఉంది. దానికి ఐదేళ్ల థర్డ్ పార్టీలో మిగిలిన కాలం ఉంటే, బండితో పాటే నీకు వస్తుంది. ఏడాదికి 843 చొప్పున మిగులు. బేరం ఆడేటప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకో.

ఓన్ డ్యామేజ్ తీసుకోవాలా వద్దా అంటే, ఆరేళ్ల బండికి నా అభిప్రాయం ఇది. ఐదేళ్లు దాటిన బండికి క్లెయిమ్ చేస్తే మెటల్ పార్టుల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బర్ పార్టుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. బైక్ కింద పడితే విరిగేవి ఇండికేటర్, వైజర్, మడ్‌గార్డ్, లెగ్‌గార్డ్, హ్యాండిల్. మూడు వేల బిల్లు అయితే నీ చేతికొచ్చేది ఒకటిన్నర వేలు. దానికి రెండు రోజులు కంపెనీ సెలవు పెట్టి తిరగాలి, పైగా క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చిన్న దెబ్బలకి అది దండగ. కానీ దొంగతనం సంగతి వేరు. బండి పోతే పాలసీలో బండి విలువగా రాసిన ఐడీవీ మొత్తం వస్తుంది. స్ప్లెండర్ పార్టులు ఎక్కడైనా అమ్ముడుపోతాయి కాబట్టి దొంగలకీ అదే ఇష్టం. నీ బండి రాత్రిళ్లు వీధిలో ఉంటే, లేదా బస్టాండ్ దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర గంటలకొద్దీ పెట్టే పని ఉంటే తీసుకో. ఇంటి లోపల, కంపెనీ గేటు లోపల ఉండేదైతే థర్డ్ పార్టీ చాలు. పాలసీ లాప్స్ అయిన బండికి ఓన్ డ్యామేజ్ కావాలంటే కంపెనీ ముందు బండి ఫొటోలో వీడియోనో అడగొచ్చు. కాబట్టి కొన్న వెంటనే అడుగు, ఏదైనా జరిగాక కాదు.

థర్డ్ పార్టీతో పాటు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మాత్రం వదలొద్దు. 15 లక్షలకి ఏడాదికి మూడు నాలుగు వందల దగ్గర ఉంటుంది. థర్డ్ పార్టీ ఎదుటివాళ్లకి ఇస్తుంది, నడిపే నీకు ఏమీ ఇవ్వదు. నీకూ మీ ఇంటికీ ఇచ్చేది ఇదొక్కటే. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ కవర్ ఆర్‌సీలో పేరున్న ఓనర్‌కే వర్తిస్తుంది, అది కూడా లైసెన్స్ ఉంటేనే. బండి ఇంకా ఫ్రెండ్ వాళ్లన్న పేరు మీదే ఉండి నువ్వు నడుపుతుంటే ఆ 15 లక్షలు నీకు వర్తించవు.

ఇప్పుడు స్పేర్ల సంగతి. ఇక్కడ కొంచెం ఆగాలి.

స్పేర్లు దొరకడం అంటే చాలామంది "తిరుపతిలో షోరూం ఉందా" అని చూస్తారు. షోరూం ఉండటం ఒక్కటే చాలదు. నువ్వు సాయంత్రం ఆరున్నరకి డ్యూటీ దిగి వస్తుంటే రేణిగుంట రోడ్డులో క్లచ్ కేబుల్ తెగింది అనుకో. షోరూం స్పేర్స్ కౌంటర్ మూసేస్తుంటారు. పక్కనున్న చిన్న షాపులో ఆ కేబుల్ దొరుకుతుందా? ఆ మెకానిక్ దాన్ని పావుగంటలో వేసి పంపిస్తాడా? స్ప్లెండర్‌కి ఈ రెండింటికీ జవాబు అవును. చంద్రగిరిలో, పాకాలలో, పుత్తూరులో ఎక్కడ ఆగినా దొరుకుతుంది. పైగా స్ప్లెండర్, హెచ్‌ఎఫ్ డీలక్స్ రెండింటికీ అదే 97.2 సీసీ ఇంజన్ కుటుంబం, చాలా పార్టులు ఒకదానివి ఇంకొకదానికి సరిపోతాయి. అందుకే చిన్న షాపువాడు కూడా ధైర్యంగా స్టాక్ పెడతాడు, ఎలాగూ అమ్ముడుపోతాయని వాడికి తెలుసు.

అపాచీకి తిరుపతిలో దొరకవని కాదు. కేబుళ్లు, బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ బాగానే దొరుకుతాయి. చిన్న ఊళ్లలో తగ్గుతుంది. మీటర్ కన్సోల్, ఆ మోడల్ ఏడాదికి మాత్రమే సరిపోయే ప్లాస్టిక్ బాడీ, కొన్ని ఎలక్ట్రికల్ సామాన్లు లాంటివి ఆర్డర్ పెట్టాల్సి రావచ్చు. అసలు ఇబ్బంది పడేది ఇంకోరకం వాళ్లు. కొద్ది రోజులు అమ్ముడై ఆగిపోయిన మోడల్‌ని తక్కువ రేటుకి వస్తుందని కొంటారు. మా కౌంటర్‌కి ఒకతను అలాంటి బండి స్పీడోమీటర్ గేర్ కోసం వచ్చేవాడు. పది రూపాయల ప్లాస్టిక్ ముక్క లాంటిది. చెన్నై నుంచి తెప్పించాలి. వచ్చిన ప్రతిసారీ "ఇంకా రాలేదా అన్నా" అనేవాడు. నెల దాటాక అతను బండినే అమ్మేశాడు. ఇలాంటి బండి నీకు 30 వేలకి వచ్చినా వద్దు.

బండి చూడ్డానికి వెళ్లే ముందే స్పేర్ల ధర తెలుసుకునే పద్ధతి చెబుతాను. ఒక కాగితం మీద చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, వెనక టైరు, ముందు బ్రేక్ ప్యాడ్లు లేదా షూలు, బ్యాటరీ, క్లచ్ కేబుల్ రాసుకో. వాటిని ఏదైనా షాపులో మోడల్, ఏడాది చెప్పి అడుగు. రెండు విషయాలు రాసుకో: ధర ఎంత, ఇప్పుడు షెల్ఫ్‌లో ఉందా. "రేపు తెప్పిస్తా" అన్న జవాబులు రెండుకి మించితే ఆ బండి నీ పనికి కాదు. ఈ పని అరగంటలో అయిపోతుంది, కానీ బండి కొనేవాళ్లలో చేసేవాణ్ణి నేను చాలా తక్కువ చూశాను.

స్ప్లెండర్‌కి ఒక చెడు కూడా ఉంది. ఎక్కువ అమ్ముడుపోయే బండికే డూప్లికేట్ పార్టులు కూడా ఎక్కువ వస్తాయి. లోకల్ బ్రేక్ షూ సగం ధరకి దొరుకుతుంది, రెండు నెలలకే కీచుమంటుంది. లోకల్ చైన్ సెట్ వేస్తే ఐదారు వేల కిలోమీటర్లకే సాగిపోయి ప్రతి వారం బిగించమంటుంది. ప్యాకెట్ మీద పార్ట్ నంబర్, ఎమ్మార్పీ, తయారైన నెల ఉన్నాయా చూడు. మెకానిక్ ప్యాకెట్ విప్పేసిన పార్టు తెచ్చి వేస్తానంటే వద్దను. చైన్, బ్రేక్, క్లచ్, బేరింగ్ ఈ నాలుగూ ఒరిజినలే. అద్దం, ఫుట్‌రెస్ట్ రబ్బర్, సీట్ కవర్ లోకల్‌వి వేసుకున్నా నష్టం లేదు.

సర్వీసింగ్‌కి వద్దాం. 2020 ఏప్రిల్‌లో బండి పొగకి బీఎస్6 అనే కొత్త రూల్ వచ్చింది. అంతకు ముందు మోడల్ స్ప్లెండర్, మామూలు అపాచీ రెండూ కార్బురేటర్ బండ్లు. ఇవి ఏ మెకానిక్ అయినా విప్పుతాడు. కార్బురేటర్ క్లీనింగ్, ట్యాపెట్ సెట్టింగ్, ప్లగ్ మార్చడం మన ఊరి మెకానిక్‌లకి మంచినీళ్లు తాగినంత సులువు. ఆయిల్ మారిస్తే, చైన్ బిగిస్తే, బ్రేకులు చూస్తే 100 సీసీ బండి మామూలు సర్వీస్ బయట ఆరేడు వందల్లో అయిపోతుంది. అపాచీకి తొమ్మిది వందలు, వెయ్యి అనుకో. షోరూంలో రెండిటికీ ఎక్కువ. వారంటీ అయిపోయిన బండికి నమ్మకమైన బయటి మెకానిక్ చాలు.

ఎవరైనా ఇంకొంచెం వేసుకుని 2021 స్ప్లెండర్ తీసుకో అంటారు. అది బాగానే ఉంటుంది, కానీ ఆ బండిలో ఫ్యూయల్ ఇంజెక్షన్. సెన్సర్లు, ఫ్యూయల్ పంప్, ఈసీయూ ఉంటాయి. మామూలు రోజుల్లో అసలు తలనొప్పి ఉండదు, చలికాలంలో ఒక్క కిక్‌కి స్టార్ట్ అవుతుంది. కానీ తేడా వస్తే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికే పోవాలి, పంప్ పోతే బిల్లు వేలల్లో ఉంటుంది. అలాంటి బండి చూసేటప్పుడు ఒక చిన్న పరీక్ష చెయ్యి. కీ ఆన్ చేస్తే మీటర్లో ఇంజన్ బొమ్మ ఉన్న లైటు వెలగాలి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. స్టార్ట్ అయ్యాక కూడా వెలుగుతుంటే ఏదో లోపం ఉంది. కీ ఆన్ చేసినా అసలు వెలగకపోతే ఇంకా అనుమానించు, లోపం కనిపించకూడదని లైటునే తీసేసి ఉండొచ్చు.

ఇప్పుడు రెండేళ్లు, 30 వేల కిలోమీటర్లకి లెక్క వేద్దాం. ధరలు మన తిరుపతి షాపుల్లో ఉజ్జాయింపుగా అనుకునేవి. వంద అటూ ఇటూ అవుతుంది, తేడా మాత్రం ఇలాగే ఉంటుంది.

స్ప్లెండర్‌కి రెండేళ్ల థర్డ్ పార్టీ, పర్సనల్ యాక్సిడెంట్ కలిపి 2,400 దగ్గర. మూడు వేల కిలోమీటర్లకోసారి సర్వీస్ అంటే పది సార్లు, 7,000. అరిగే సామాన్లలో చైన్ సెట్ ఒకసారి 1,100, ముందు వెనక టైర్లు ట్యూబులతో 3,300, బ్రేక్ షూలు రెండేళ్లలో అన్నీ కలిపి 1,000, క్లచ్ ప్లేట్లు లేబర్‌తో 1,100, బ్యాటరీ 1,100, కేబుళ్లూ బల్బులూ 600. ఇవి 8,200. మొత్తం 17,600.

అపాచీకి ఇన్సూరెన్స్ 3,900. సర్వీసులు పది, 9,500. చైన్ సెట్ 1,700, రెండు టైర్లు 4,500, బ్రేక్ ప్యాడ్లు, షూలు 1,400, క్లచ్ 2,100, బ్యాటరీ 2,000, చిల్లర 1,000. ఇవి 12,700. మొత్తం 26,100.

తేడా 8,500. రెండేళ్లకి. అంటే నెలకి 350 రూపాయలు. నువ్వు అడిగిన మూడు విషయాల్లో తేడా ఇంతే తమ్ముడూ. దీనికోసం ఇష్టమైన బండి వదులుకోవాలా అని నువ్వు అడిగితే నేను వద్దనేవాణ్ణి.

కానీ నువ్వు అడగనిది పెట్రోల్. మనవైపు లీటరు 109 దాటే ఉంది. స్ప్లెండర్ నీ రోడ్డులో లీటరుకి 60 ఇస్తే ఏడాదికి 250 లీటర్లు, 27 వేలు. అపాచీ 42 ఇస్తే 357 లీటర్లు, 39 వేలు. ఏడాదికి దాదాపు 12 వేలు తేడా. నెలకి వెయ్యి. పై 350తో కలిపితే నెలకి 1,350. 17 వేల జీతంలో అది చిన్న మొత్తం కాదు. చిత్తూరు వాళ్లు కాట్పాడి, వేలూరు వైపు పోయినప్పుడు అక్కడే ట్యాంక్ నింపుకొస్తారు, తమిళనాడులో లీటరుకి ఏడెనిమిది రూపాయలు తక్కువ కాబట్టి. నీకు చంద్రగిరి నుంచి ఆ సౌకర్యం లేదు.

ఈ లెక్క మొత్తం ఒక షరతు మీద నిలబడింది: స్ప్లెండర్ ఇంజన్ బాగుండాలి. ఆరేళ్ల బండి, మీటర్ 40 వేలు చూపిస్తుంటే ముందు నమ్మొద్దు. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, బ్రేక్ పెడల్, గేర్ లివర్ చూడు. రబ్బర్లు నున్నగా అరిగిపోయి, పెడల్ గీతలు మాయమై మీటర్ మాత్రం 25 వేలు అంటుంటే మీటర్ తిప్పేశారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యాలని చెప్పు. నువ్వు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టాడు, ఇంకోరోజు వస్తానని వచ్చెయ్. స్టార్ట్ చేశాక బండిని కాస్త దూరం నడిపి తెచ్చి, సైలెన్సర్ దగ్గర ఇంకొకర్ని నిలబెట్టి, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇవ్వు. నీలి పొగ ఒక్కసారిగా వస్తే ఆయిల్ కాలుతోంది. రింగులో, వాల్వ్ సీళ్లో పోయాయి. ఒక సర్వీసుకి ఇంకో సర్వీసుకి మధ్య ఆయిల్ అరలీటరు తగ్గుతుందంటే కూడా అదే. బోర్, పిస్టన్ పని పెడితే స్ప్లెండర్‌కి ఐదారు వేలు, అపాచీకి దానికి రెట్టింపు దగ్గర అనుకో. పొగ కనిపిస్తే ఆ ఐదారు వేలు బేరంలో తగ్గించి అడుగు, లేకపోతే వదిలెయ్.

చైన్ చూడ్డానికి వెనక స్ప్రాకెట్ మీద చైన్ లింక్‌ని వేలితో వెనక్కి లాగు. పంటి సగం కనిపించేంత పైకి లేస్తే సెట్ అయిపోయింది. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకి వంగి కొక్కెంలా ఉన్నా అంతే. ముందు ఫోర్క్ రాడ్ల మీద ఆయిల్ తడి ఉంటే ఫోర్క్ సీళ్లు పోయాయి. ఇవి కొనకపోవడానికి కారణాలు కావు, రేటు తగ్గించడానికి కారణాలు.

డబ్బు ఇలా విడదియ్యి. బండికి 50 వేలు మించొద్దు. పేరు మార్పిడికి, ఇన్సూరెన్స్‌కి మూడు వేలు. కొన్న వారంలోనే ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, బ్రేక్ షూలు మార్చి ఫుల్ సర్వీస్ చేయించడానికి మూడు వేలు. మిగిలిన తొమ్మిది వేలు ముట్టుకోవద్దు. సెకండ్ హ్యాండ్ బండి మొదటి ఆరు నెలల్లో ఏదో ఒకటి అడుగుతుంది. మొత్తం 65 వేలూ బండికే పెట్టి, మూడో నెలలో క్లచ్ పోతే వడ్డీకి అప్పు చేసినవాళ్లు మా కౌంటర్ దగ్గర చాలామంది. హెల్మెట్ కూడా ఈ లెక్కలోనే, ఐఎస్ఐ మార్కున్నది తీసుకో.

కొత్త బండి మాట కూడా ఒక్క ముక్కలో. హెచ్‌ఎఫ్ డీలక్స్ లాంటిది కొన్నా ఆన్‌రోడ్‌కి నీ 65 వేలు సరిపోవు, లోన్ తప్పదు. షోరూం రేటు కాకుండా లైఫ్ టాక్స్, ఐదేళ్ల థర్డ్ పార్టీ (150 సీసీ లోపు 3,851, పైన జీఎస్టీ), ఓన్ డ్యామేజ్ చేరతాయి. లోన్ ఉంటే ఓన్ డ్యామేజ్ కూడా కట్టాలని ఫైనాన్స్ వాళ్లు పట్టుబడతారు. నువ్వు లోన్ వద్దన్నావు కాబట్టి వదిలేశా.

ఇంకో ఆశ మనవైపు ఎప్పుడూ ఉంటుంది. చిత్తూరు నుంచి తమిళనాడు, కర్ణాటక బోర్డర్లు దగ్గర. టీఎన్ నంబర్ బండి ఐదారు వేలు తక్కువకి వస్తుంది. దానికి అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రం నంబర్‌తో ఇక్కడ తిప్పకూడదు. ఆ మిగులు అక్కడికే పోతుంది. నీలాంటి మొదటి బండివాడికి ఏపీ నంబరే మేలు. 2019 మొదట్లో ఏపీ 39 సిరీస్ రాకముందు బండి అయితే ఏపీ 03 ఉంటుంది, అది మన పాత చిత్తూరు జిల్లా నంబరే, భయపడక్కర్లేదు.

చివరిగా కాగితాలు. ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే, అంటే బండి మీద లోన్ రాసి ఉంటే, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌వోసీ, ఫామ్ 35 లేకుండా డబ్బివ్వొద్దు. చలానాలు పెండింగ్ ఉన్నాయేమో అతని ముందే బండి నంబర్‌తో చూసి కట్టించు. పేరు మార్పిడికి కావాల్సిన ఫామ్ 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజే పెట్టించుకో, "తర్వాత చూద్దాం" అనే ఫ్రెండ్స్ దగ్గర ఇదే నెలల తరబడి సాగుతుంది. బండి చేతులు మారిన రోజు నుంచి పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్స్ కంపెనీకి అప్లై చేసి పాలసీ కూడా నీ పేరుకి మార్పించుకో. థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం బండితో పాటే నీకు వస్తుంది, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ మాత్రం పాలసీలో నీ పేరు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది ఆయనది. దాన్ని చూపించి రెన్యువల్ తక్కువకి చేయిస్తానని ఏ ఏజెంట్ అయినా అంటే ఒప్పుకోకు, క్లెయిమ్ రోజు కంపెనీ దాన్నే పట్టుకుంటుంది.

స్ప్లెండర్ ఏదైనా దొరికితే మీటర్ రీడింగ్, ఆర్‌సీ ఏడాది, పాలసీలో ఆ రెండు తేదీలు ఇక్కడ రాయి. రేటు సంగతి చూద్దాం.